సెలవు చీటీ మీద కథ రాయడం ఎలా: జ్వరం నుంచి జొన్నగిరి చేల దాకా

బడికి రాని పిల్లవాడు సెలవు చీటీ రాయడానికి కూర్చుంటాడు. మొదట కట్టుకథ అల్లుతాడు, చివరికి నిజం రాస్తాడు. పిల్లల కథల్లో చాలామంది ఎత్తుకునే ఇతివృత్తమే ఇది, చాలామంది ఒకే చోట పాడుచేసుకుంటారు. చివర్లో మాస్టారు వచ్చి నిజాయతీ గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు, పిల్లవాడు తల వంచుకుంటాడు, కథ అయిపోతుంది. నిజం గొప్పదని మాస్టారు చెబితే విన్నాం తప్ప, నిజంగా రాసిన చీటీ అబద్ధపు చీటీ కంటే చదవడానికి ఎందుకు బాగుంటుందో మనకు కనిపించలేదు. ఈ కథ చేయాల్సిన పని అది ఒక్కటే. రెండు చీటీలూ పాఠకుడి ముందు ఉంచాలి, రెండోది బాగుందని పాఠకుడే అనుకోవాలి.

అందుకు ఏం చేయాలో ఒక కథను కట్టి చూపిస్తాను. కర్నూలు జిల్లా తుగ్గలి ప్రాంతం, ఎనిమిదో తరగతి చదివే మద్దిలేటి అనే పిల్లవాడు, మూడు రోజులు బడికి రాలేదు. నిడివి వెయ్యి, పన్నెండు వందల మాటలు అనుకుందాం. అంతకు మించితే ఈ ఇతివృత్తం సాగదు.

మొదటి మెట్టు: అబద్ధం కంటే ముందు నిజాన్ని తేల్చుకోవాలి

చాలామంది సరదాగా ఉంటుందని అబద్ధంతో మొదలుపెడతారు. నిజం గురించి ఆలోచించే సమయానికి "సినిమాకు వెళ్లాడు", "క్రికెట్ ఆడాడు" అన్న రెండు మాటలే మిగులుతాయి. ఆ నిజంలో చీటీకి సరిపడా సరుకు ఉండదు. సినిమాకు వెళ్లిన పిల్లవాడు చివర్లో నిజం రాసినా అది నేరం ఒప్పుకోవడమే అవుతుంది, మంచి చీటీ కాదు.

నిజానికి మూడు గుణాలు కావాలి. పిల్లవాడు దాన్ని దాచాలనుకోవడానికి కారణం ఉండాలి. అది పెద్ద తప్పు కాకూడదు. దానిలో చేతితో ముట్టుకోగల వస్తువులు ఉండాలి.

తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర వైపు ఇలాంటి నిజం ఏటా జూన్‌లో నడిచి వస్తుంది. తొలకరి వాన పడగానే జనం ఎర్రనేలల్లోకి వజ్రాల కోసం వెళతారు. వాన పైమన్నును కడిగేస్తుంది, రాళ్లు తేలి ఎండకు మెరుస్తాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాదు, పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వచ్చి చెట్ల కింద మకాం పెట్టి వెతుకుతారు. పక్కనే అనంతపురం జిల్లాలోని వజ్రకరూరులో వజ్రాలు ఉండే కింబర్లైట్ అనే రాయి ఉంది కాబట్టి ఈ ఆశ పూర్తిగా గాలిలో మేడ కాదు. దొరికినవాళ్లు గుట్టుగా వ్యాపారికి అమ్ముకుంటారు. దొరకనివాళ్లు అంతకంటే గుట్టుగా ఇంటికి వస్తారు, ఎందుకంటే ఊళ్లో నవ్వుతారు.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. తొలకరి వచ్చేదీ అప్పుడే. పిల్లవాడి కళ్లు పెద్దవాళ్ల కళ్ల కంటే చురుకైనవి కాబట్టి తల్లి వాడిని వెంట తీసుకెళ్లింది. సంఘర్షణ కోసం మీరు ఏదీ కల్పించనక్కర్లేదు, వానే కల్పించింది. వజ్రాల వేట అబద్ధంలా వినిపించే నిజం కావడం ఇంకో లాభం. జ్వరం అంటే ఎవరైనా నమ్ముతారు, వజ్రాలు వెతకడానికి వెళ్లానంటే నమ్మరు. అంటే నిజం రాయడానికి వాడికి ధైర్యమే కాదు, నేర్పు కూడా కావాలి. కథ నిలబడేది ఆ నేర్పు మీద.

రెండో మెట్టు: చీటీలో ఖాళీ ఉన్న చోటు ఏది?

సెలవు చీటీ రూపం మనకందరికీ కంఠస్థమే. తరగతి ఉపాధ్యాయులు గారికి, నమస్కారములు, ఫలానా కారణం వల్ల రాలేకపోయాను, కావున సెలవు ఇప్పించగలరు, ఇట్లు తమ విధేయ విద్యార్థి. పైనా కిందా ఉన్నదంతా ఎవరు రాసినా ఒక్కటే. పిల్లవాడి సొంతం అయ్యేది మధ్యలోని కారణం ఒక్కటే.

కాబట్టి కథలో నాలుగు చిత్తుప్రతులు ఉంటే నాలుగుసార్లు చీటీ మొత్తం అచ్చువేయవద్దు. రెండోసారికే పాఠకుడు కింది పేరాకు దూకేస్తాడు. మొదటి మూడింటిలో కారణం ఉన్న వాక్యాలు మాత్రం చూపండి. చివరిదాన్ని మాత్రం మొదలు నుంచి సంతకం దాకా పూర్తిగా ఇవ్వండి. కథలో అది ఒక్కసారే పూర్తిగా కనిపిస్తే దాని బరువు దానికి వస్తుంది.

సంతకం అన్నాను కదా. ఈ కథలో అత్యంత పనికొచ్చే భాగం అదే. చీటీ కింద తల్లో తండ్రో సంతకం చేయాలి. మద్దిలేటి తల్లికి చదువు రాదు, వేలిముద్ర వేస్తుంది. ఇంట్లో సిరా డబ్బా ఉండదు కాబట్టి వాడు బాల్‌పెన్నుతో ఆమె బొటనవేలి మీద గీతలు గీసి నీలంగా చేస్తాడు. ఆ వేలు కాగితం మీద పడేముందు ఆమె ఒక మాట అంటుంది: "చదివి వినిపించు."

ఆ ఒక్క మాటతో చీటీకి ఇంట్లోనే ఒక శ్రోత దొరికింది. ఇక మాస్టారు ఉపదేశం చెప్పే అవసరం లేదు. ప్రతి చిత్తునూ వాడు గట్టిగా చదవాలి, ఆమె వినాలి, ఏదో ఒకటి అనాలి. రాసినప్పుడు బాగున్న వాక్యం చదివినప్పుడు నోట్లో అడ్డం పడడం రాసేవాళ్లందరికీ అనుభవమే, వాడికీ ఇక్కడ అదే జరుగుతుంది.

మూడో మెట్టు: అబద్ధాన్ని బాగా రాయాలి

మొదటి చిత్తు మామూలుదే. "నాకు జ్వరం వచ్చినందున మూడు రోజులు పాఠశాలకు రాలేకపోయాను." ఇది తల్లి చెప్పిన మాటే అయితే ఇంకా బాగుంటుంది. రాళ్ల కోసం వెళ్లామని ఊరంతా తెలియడం ఆమెకు ఇష్టం లేదు, "జ్వరమని రాయి" అంది. దీంతో తల్లి నీతికి ప్రతినిధి కాకుండా పోతుంది. ఆమె కూడా అబద్ధం వైపే ఉన్న మామూలు మనిషి. ఈ చిత్తును రెండు మూడు వాక్యాల్లో దాటేయండి.

అయితే వాడికి తృప్తి లేదు. జ్వరం చీటీ తెచ్చిన ప్రతివాడినీ సార్ "ఏ డాక్టరు దగ్గరికి వెళ్లావు?" అని అడుగుతారని వాడికి తెలుసు. అందుకే రెండో చిత్తులో జ్వరానికి సాక్ష్యాలు చేరుస్తాడు: "నాకు 104 డిగ్రీల తీవ్రమైన జ్వరం వచ్చినందున మా అమ్మ నన్ను గుత్తి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు గారు రెండు ఇంజెక్షన్లు చేసి మూడు రోజులు మంచం దిగవద్దని చెప్పారు."

ఇక్కడ పిల్లవాడిని తెలివితక్కువవాడిగా చూపించాలన్న మోజు మీకు కలుగుతుంది. చూపించవద్దు. ఏనుగు తొక్కిందనీ, పాము కరిచిందనీ రాయిస్తే పాఠకుడు నవ్వుతాడు, కానీ ఆ అబద్ధం ఓడిపోవడంలో విశేషం ఏమీ ఉండదు. వాడి అబద్ధం తెలివైనది కావాలి, మాస్టారు నమ్మేటంత బాగుండాలి. అలాంటిది కూడా నిజం పక్కన వెలవెలబోతేనే కథ గెలిచినట్టు.

దానిలో లోపం ఎక్కడుందో రచయితగా మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. 104 డిగ్రీలు, ఆసుపత్రి, రెండు ఇంజెక్షన్లు, మంచం: ఈ వివరాల్లో ఒక్కటి కూడా ఊరికే లేదు. ప్రతిదీ జ్వరాన్ని రుజువు చేయడానికే వచ్చి నిలబడింది. జరిగిన సంగతి చెప్పే మనిషి మాటలు ఇలా ఉండవు. వాటిలో రుజువుకు పనికిరానివి, కొన్నిసార్లు అతనికే అడ్డం వచ్చేవి దొర్లుతుంటాయి. ఈ ఒక్క తేడాను మీరు పట్టుకుంటే కథ సగం రాసినట్టే. దాన్ని కథలో ఎవరి నోటా చెప్పించవద్దు.

తల్లి మాత్రం తన దారిలో ఆ లోపాన్ని పట్టుకుంటుంది. సంభాషణ ఇంతే చాలు:

"గుత్తికి ఎవరు తీసుకెళ్లారు?"

"నువ్వే."

"ఏ రోజు?"

వాడు ఆలోచించాడు. "సోమవారం."

"సార్ నన్ను అడిగితే నేనేం చెప్పాలి? ఏ బస్సులో వెళ్లామని చెప్పాలి?"

జ్వరం వాడి ఒక్కడి అబద్ధంగా ఉన్నంతసేపు ఆమెకు ఇబ్బంది లేదు. ఆసుపత్రి వచ్చేసరికి ఆమె సాక్షి అయింది. తాను ఎక్కని బస్సును ఆమె గుర్తుపెట్టుకోవాలి. నీలం పూసిన వేలిని ఆమె కొంగుకు తగలకుండా పక్కకు పట్టుకుని కూర్చుంటుంది. ఈ కథలో దగ్గరగా చూపించాల్సిన దృశ్యం ఏదైనా ఉంటే అది ఈ వేలే, కాబట్టి తొందరపడవద్దు.

నాలుగో మెట్టు: సగం నిజం

ఎక్కువమంది రచయితలు ఇక్కడి నుంచి నేరుగా నిజం చీటీకి దూకుతారు. అలా చేస్తే అబద్ధం మానేస్తే చాలు, మంచి రచన దానంతట అదే వస్తుందని చెప్పినట్టు అవుతుంది. అది జరగదు. మధ్యలో ఒక మెట్టు ఉంది.

మూడో చిత్తులో మద్దిలేటి నిజమే రాస్తాడు: "అయ్యా, మేము చాలా పేదవాళ్లము. పొట్టకూటి కోసం తప్పనిసరి పరిస్థితుల్లో రాళ్లు వెతకడానికి వెళ్లవలసి వచ్చింది. దయచేసి మమ్మల్ని క్షమించగలరు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చదివితే ఆ మూడు రోజులు ఎలా గడిచాయో మనకు తెలియదు. జ్వరం చీటీ ఎంత ఖాళీగా ఉందో ఇదీ అంతే ఖాళీగా ఉంది, జాలి మాత్రం అదనం. "పొట్టకూటి కోసం", "తప్పనిసరి పరిస్థితుల్లో" వాడి మాటలు కావు, ఎక్కడో విని తెచ్చుకున్నవి. వజ్రాల కోసం వెళ్లేవాళ్లను తెలిసినవాళ్లకు ఇంకో సంగతి తట్టుతుంది: అవసరంతో పాటు ఆశ కూడా వాళ్లను నడిపిస్తుంది, పిల్లవాడికైతే అది పండగే. ఆ సంతోషాన్ని దాచింది కాబట్టి ఈ చిత్తు కూడా నిజాయతీకి దూరమే.

తల్లి ఇక్కడ కోపగించుకోవాలి. "మనం ఎవరినైనా అడుక్కున్నామా? వెతికాం. వెతికామనే రాయి." నా దృష్టిలో కథకు మలుపు ఇదే. గుట్టు బయటపడుతుందన్న భయం కంటే బిచ్చగత్తెలా కనిపించడం ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. ఆమె మనసు మారడానికి కారణం ఆమె పౌరుషమే తప్ప నీతిపాఠం కాదు, అందుకే ఆ మార్పును నమ్ముతాం.

ఐదో మెట్టు: పూర్తి చీటీ

దీనికి మీరు ఎంత సమయం పెడితే కథ అంత బాగుంటుంది. రాసే ముందు వాడు చూసినవన్నీ వేరే కాగితం మీద పెట్టుకోండి: వాన, ఎర్రమన్ను, పలుగురాళ్లు, రొట్టెలు, విత్తనం వేసిన చేను, పక్కన వెతికేవాళ్లు. వాటిలో కారణాన్ని రుజువు చేయడానికి ఏమాత్రం పనికిరానివి రెండు మూడైనా చీటీలోకి రావాలి. వాక్యాలు పొట్టిగా ఉండాలి. పదమూడేళ్ల పిల్లవాడు వాడే మాటలే ఉండాలి. బడి నేర్పిన మర్యాద మాటలు పైనా కిందా అలాగే ఉంచండి, వాటి మధ్య వాడి గొంతు ఇంకా బాగా వినిపిస్తుంది.

> తరగతి ఉపాధ్యాయులు గారికి,
>
> నమస్కారములు.
>
> నేను సోమ, మంగళ, బుధవారాలు బడికి రాలేదు. ఆదివారం రాత్రి పెద్ద వాన పడింది. మా అమ్మతో కలిసి జొన్నగిరి చేలల్లో రాళ్లు వెతకడానికి వెళ్లాను. మా అమ్మ వంగి నడుస్తుంది. నన్ను ఎండకు ఎదురుగా నడవమంది. అలా నడిస్తే రాయి మెరుస్తుంది. మంగళవారం ఒక రైతు విత్తనం వేశాను తొక్కవద్దని మమ్మల్ని పంపేశాడు. పక్క చేనులోకి వెళ్లాము. అక్కడ ఆదోని నుంచి వచ్చిన ఒక తాత నాకు సగం జొన్నరొట్టె ఇచ్చాడు. ఆయన పోయిన సంవత్సరం కూడా వచ్చాడట. మాకు జేబు నిండా పలుగురాళ్లు దొరికాయి. మా అమ్మ ఒక్కొక్కటి చూసి పారేసింది. నేను ఒకటి దాచుకున్నాను. బుధవారం నా చెప్పు తెగింది. లెక్కల్లో కొత్త పాఠం మొదలయిందని నాకు తెలుసు. మూడు రోజుల సెలవు ఇప్పించగలరు.
>
> ఇట్లు
> తమ విధేయ విద్యార్థి
> బి. మద్దిలేటి, 8వ తరగతి
>
> తల్లి వేలిముద్ర:

చెప్పు తెగడం వల్ల సెలవుకు ఏ బలమూ రాదు. ఆదోని తాత రొట్టె ఇవ్వడం వల్లా రాదు. రైతు పంపేశాడన్నది వాళ్లకు కొంచెం తలవంపులు కూడా. అయినా మూడు రోజులు కళ్లముందు నిలబడేది వీటి వల్లే. ఎండకు ఎదురుగా నడవడం అన్నది ఆ పని తెలిసిన మనిషి మాత్రమే రాయగల మాట, గుత్తి ఆసుపత్రిని ఆసుపత్రి చూడనివాడు కూడా రాయగలడు.

"నేను ఒకటి దాచుకున్నాను" అన్న వాక్యాన్ని మీరు ఏం చేస్తారన్నది కథను తేల్చేస్తుంది. వాడు చదువుతుండగా తల్లి ఇంతవరకూ మాట్లాడదు. అక్కడికి రాగానే అడుగుతుంది: "ఏ రాయి? ఏదీ, చూపించు." తల్లికి తెలియని సంగతిని చీటీ బయటపెట్టింది. రెండో చిత్తు విన్నప్పుడు ఆమె ప్రశ్నలు అబద్ధాన్ని కాపాడుకోవడం గురించి. ఇప్పటి ప్రశ్న ఇంకా తెలుసుకోవాలని. నిజం చదవడానికి ఎక్కువ బాగుంటుందన్న మాట కథలో రుజువయ్యేది ఈ రెండు ప్రశ్నల తేడాలో. ఆమె రాయి చూసి, అదీ పలుగురాయే అని తిరిగి ఇచ్చి, వేలిముద్ర వేయాలి. ఆ రాయి వజ్రం కాకూడదు! వజ్రమైతే నిజం చెప్పినందుకు బహుమతి దొరికినట్టు అవుతుంది, అంతవరకూ చీటీ సాధించినదంతా ఆ మెరుపులో కొట్టుకుపోతుంది.

ఆరో మెట్టు: మాస్టారిని అదుపులో పెట్టడం

మాస్టారికి పది వాక్యాలు మించి ఇవ్వవద్దు. ఆయన మెచ్చుకోకూడదు, తరగతిలో చదివి వినిపించకూడదు, కళ్లు తుడుచుకోకూడదు. హాజరు పట్టీలో మూడు రోజులూ గైర్హాజరుగానే ఉండాలి, ఎందుకంటే నిజం రాసినంత మాత్రాన వాడు బడికి వచ్చినట్టు కాదు. తప్పిన లెక్కలు ఎవరి దగ్గరైనా చూసి రాసుకొమ్మని చెప్పాలి. మనసుకు ఏది అనిపించినా ఆయన చేయగల పని ఒక ఉపాధ్యాయుడి పనే. ఎర్రపెన్నుతో ఒక చోట వదిలేసిన దీర్ఘాన్ని సరిదిద్దుతారు. (మీరు కథలో ఇచ్చే చీటీలో ఆ తప్పును కావాలని ఉంచండి. పైన నేను ఉంచలేదు, ఏ మాటలో ఉంచాలో మీ చెవికి తెలుస్తుంది.)

తర్వాత ఒక్క ప్రశ్న అడుగుతారు. "ఏ డాక్టరు?" అని అడిగే మనిషి ఇప్పుడు "ఆ ఆదోని తాతకు ఏమైనా దొరికిందా?" అని అడిగితే, చీటీ చివరి దాకా చదివారని పాఠకుడికి అర్థమవుతుంది. పిల్లవాడి జవాబు "తెలియదు సార్, మేము వచ్చేటప్పటికి ఇంకా వెతుకుతున్నాడు" లాంటిది ఏదైనా కావచ్చు. అక్కడ ఆపేయండి. వాడు ఏం నేర్చుకున్నాడో రాసిన వాక్యం ఏదైనా చివర్లో మిగిలి ఉంటే కొట్టేయండి.

దిద్దేటప్పుడు చూడాల్సినవి

చిత్తుప్రతి పూర్తయ్యాక రెండో చీటీని, నాలుగో చీటీని మాత్రం విడిగా తీసి, కథ తెలియని ఒకరికి చదివి వినిపించండి. ఏది నిజమో అడగవద్దు. మర్నాడు రెండింటిలో ఏమేం గుర్తున్నాయో అడగండి. చెప్పో రొట్టో రైతో గుర్తుంటే మీ నాలుగో చీటీ పనిచేసింది. 104 డిగ్రీలు గుర్తుండి రొట్టె గుర్తులేకపోతే అబద్ధం గెలిచిందని అర్థం, అప్పుడు కథలో మిగతాది ముట్టుకోకుండా ఆ చీటీనే మళ్లీ రాయండి.

నాలుగో చీటీ మరీ అందంగా రావడం ఇంకో ప్రమాదం. "ఎర్రని నేల మీద రాళ్లు నక్షత్రాల్లా మెరిశాయి" అని పిల్లవాడు రాశాడంటే అది వాడు కాదు, మీరు. అలంకారం ఎక్కడ కనిపించినా తీసేయండి. అలాగే వజ్రాల వేట గురించి మీకు తెలిసిందంతా చీటీలో కుక్కవద్దు. వ్యాపారుల సంగతి, వజ్రకరూరు సంగతి కథనంలో ఒక వాక్యంగా వస్తే చాలు. వాడికి తెలిసింది తల్లి వంగి నడవడం, ఎండ, తెగిన చెప్పు.

యాస విషయంలో ఒక మాట. చీటీ బడి తెలుగులోనే ఉండాలి, ఎనిమిదో తరగతి పిల్లవాడు మాస్టారికి అలాగే రాస్తాడు. తల్లి మాటల్లో సీమ పలుకు వినిపించాలనుకుంటే, మీరు ఆ ప్రాంతంలో పెరిగినవారైతేనే ఆ పని చేయండి. లేకపోతే మామూలు తెలుగులో రాసి, వాక్యాలను ఆమె తెగువకు తగ్గట్టు పొట్టిగా ఉంచండి. "వెతికాం. వెతికామనే రాయి." అన్నప్పుడు ఆమె ఏ ఊరిదో చెప్పకపోయినా మనిషి తెలుస్తుంది.

పేరు విషయానికి వస్తే, "నిజాయతీ", "సత్యమేవ జయతే" వంటివి కథను మొదటి పుటలోనే ముగించేస్తాయి. "తల్లి వేలిముద్ర" అని పెట్టండి. చీటీలో ఎలాగూ రాయాల్సిన మాటే, పాఠకుడు దాని దగ్గరకు చేరేదాకా అందులో ఏముందో బయటపడదు.